బిల్లు ఎవరి పేరున ఉంది

మా అమ్మాయి ముఖం పక్కన ధర రాసి ఉన్న ఫోటోను మొదట చూసింది నేను కాదు, తనే.

కరోనా రెండో విడత తగ్గి సూరత్‌లో మార్కెట్లు మళ్లీ తెరుచుకున్న వానాకాలం అది. బడులు ఇంకా తెరవలేదు. మా ఇంట్లో ఉన్న రెండు ఫోన్లలో నాదే కాస్త మంచిది కాబట్టి పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా అది పిల్ల చేతిలోనే ఉండేది. ఎనిమిదో తరగతి చదువుతోంది. నేను వంటింటి గడప దగ్గర కూచుని, ఒక సేఠ్ పంపిన చీరల అంచులకు రాళ్లు అంటిస్తున్నాను. పర్వత్ పాటియాలో మేముండే అపార్ట్‌మెంట్ల సొసైటీలో సగం మంది ఆడవాళ్లం ఇదే పని చేసేవాళ్లం. లెక్కల టీచర్ గొంతు వినిపిస్తూనే ఉంది గాని పిల్ల జవాబు చెప్పడం ఆపేసింది. తల తిప్పి చూస్తే ఫోన్ నా వైపు చాచి నిలబడి ఉంది.

"అమ్మా, గిది నేనే గదా?"

పై అంతస్తులో ఉండే ఒకామె ఫోన్ మీదనే చీరలు అమ్ముకునేది. ఎక్కడెక్కడి గ్రూపుల నుంచో కేటలాగులు తీసుకుని, తన లాభం కలిపి, మా అందరికీ పంపేది. ఆ రోజు పంపినవాటిలో లంగా ఓణీల సెట్లున్నాయి. మొదటి బొమ్మలో మా అమ్మాయి. గులాబీ రంగు లంగా, పచ్చ ఓణీ, జడలో పూలు. కింద డిజైన్ నంబర్, పక్కన ధర, దానికింద "సింగిల్ పీస్ కూడా దొరుకును" అని హిందీలో. ఫోటోను ఒక పక్క కత్తిరించారు. పిల్ల భుజం మీద ఒక చెయ్యి మాత్రం మణికట్టు దాకా మిగిలింది. ఆ చేతికి నా గాజులే ఉన్నాయి.

అది అంతకు ఆరేడు నెలల కిందట, మొదటి విడత తగ్గి రెండోది ఇంకా రాని రోజుల్లో చేసిన ఓణీల ఫంక్షన్ ఫోటో.

ఆ ఫంక్షన్ గురించి కొంచెం చెప్పాలి. యాభై మందికి మించకుండా సొసైటీ హాల్లోనే చేశాం. మా ఆయన అన్నకు బట్టల మార్కెట్లో చిన్న దుకాణం ఉంది, లంగా ఓణీలు, పట్టు రకం చీరలు కరీంనగర్, జగిత్యాల వైపు దుకాణాలకు పంపిస్తాడు. మా ఆయన ఆ దుకాణంలోనే పార్సిళ్లు కట్టేవాడు. ఫంక్షన్ అనుకోగానే మా బావ ఇంటికొచ్చి, "బట్టలు నేను పెడత, ఫోటో వీడియో గూడ నాదే. నా బిడ్డ ఫంక్షన్‌కు నేను గామాత్రం చెయ్యనా?" అన్నాడు. లాక్‌డౌన్ దెబ్బకు అందరం కుదేలైన సమయం. నేను ఆయన కాళ్లకు మొక్కాను కూడా. ఫోటోగ్రాఫర్‌ను ఆయనే మాట్లాడాడు, సలాబత్‌పురాలో స్టూడియో ఉన్న మన తెలుగు మనిషే, మార్కెట్ వాళ్లకు చీరల కేటలాగులు తీసి పెడుతుంటాడు. తర్వాత మాకు ఒక ఆల్బమ్ వచ్చింది, ఫోన్‌లో చూసుకునే చిన్న సైజు బొమ్మలు వచ్చాయి, వాటి మూలన స్టూడియో పేరు. అంతకు మించి ఏమడగాలో నాకు తెలియదు. అసలు అడగాల్సింది ఉంటుందనే తెలియదు.

ఆ రోజు లెక్కల క్లాసు సగంలోనే ఆగిపోయింది. పిల్ల ఏడవలేదు. "మా క్లాసుల ఇద్దరి మమ్మీలు గా ఆంటీ గ్రూపుల ఉన్నరు" అని మాత్రం అంది. మధ్యాహ్నానికి ఒక అమ్మాయి ఆ బొమ్మను క్లాసు పిల్లల గ్రూపులో పెట్టి, "దీని మీద డిస్కౌంట్ ఉందా?" అని గుజరాతీలో రాసింది. నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. మరునాటి నుంచి పిల్ల క్లాసులో కెమెరా ఆన్ చెయ్యడం మానేసింది.

నాకు అనుమానం ఒక్కడి మీదే, ఫోటోగ్రాఫర్ మీద. సాయంత్రం మా ఆయన రాగానే చూపించాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకోలేదు. దూరం నుంచే చూసి, "ఇప్పుడు లొల్లి ఎందుకు, పోనీ" అన్నాడు. ఆ మాట నాకు వింతగా అనిపించింది. కాని ఆయన గొడవలంటే భయపడే మనిషి, అందుకే అనుకున్నాను.

మరునాడు ఆల్బమ్ సంచిలో వేసుకుని ఒక్కదాన్నే సలాబత్‌పురా వెళ్లాను. స్టూడియో రెండో అంతస్తులో ఉంది. మెట్ల నిండా బట్టల తాన్లు. ఆయన కంప్యూటర్ ముందు కూచుని ఎవరివో మొహాలు తెల్లగా చేస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. మాస్కు గడ్డం కింద ఉంది. నేను ఫోన్ ముందు పెట్టాను.

"గీ ఫోటో నువ్వు తీసిందే గదా?"

"నేను తీసిందే అక్కా. మంచిగొచ్చింది."

"మంచిగొచ్చుడు గాదు. మా పిల్ల ఫోటో అమ్ముకోడానికి నీకెవరిచ్చిండ్రు హక్కు?"

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అక్కా, జర మంచిగ మాట్లాడు. నేను ఎవ్వరికి అమ్మలే. ఇంకో మాట, ఫోటో తీసింది నేను. కెమెరా నాది, మెహనత్ నాది. తీసినోనిదే ఫోటో. బిల్లు మీద ఛపాయించి ఉన్నది, సూడు." డెస్కులోంచి బిల్లుల పుస్తకం తీసి ఒక కార్బన్ కాపీ చూపించాడు. అడుగున సన్నటి అక్షరాల్లో ఫోటోల హక్కులన్నీ స్టూడియోవే అని ఇంగ్లీషులో అచ్చేసి ఉంది.

నేను ఆ సన్నటి అక్షరాలు చూడలేదు. పైన, పేరు రాసే చోట చూశాను. అక్కడ నా పేరు లేదు, మా ఆయన పేరు లేదు. మా బావ దుకాణం పేరు ఉంది.

"గిదేంది? దుకాణం పేరు మీద ఉన్నదేంది?"

"పార్టీ ఆయన గదా. ఆర్డర్ ఆయనే ఇచ్చిండు, పేమెంట్ ఆయనే చేసిండు, బిల్లు దుకాణం పేరు మీద కావాలన్నడు. ఫంక్షన్ అయిన వారానికి పెద్ద సైజు ఫోటోలన్ని పెన్‌డ్రైవ్‌ల ఆయనకే ఇచ్చిన. ఆయన ఏం చేసుకున్నడో నన్నడిగితే ఎట్ల?"

పెన్‌డ్రైవ్ సంగతి బావ ఎప్పుడూ చెప్పలేదు. అయినా తగ్గలేదు. "సరే, గా పెద్ద సైజు ఫోటోలు నాగ్గూడ ఇయ్యి. నీ దగ్గరున్నవన్ని తీసెయ్యి. నెట్ల నీ స్టూడియో పేజీల పెట్టుకున్నవి గూడ."

"నీకు ఎట్ల ఇస్త అక్కా? పార్టీ నువ్వు గాదు గదా. ఆయనతోటి రాయించుకొని రా, ఇస్త. అసలైతే మూడు నెలలకు డిస్క్ ఖాళీ చేస్త, ధంధా లేక డిస్కుల జాగ ఉన్నది గాబట్టి ఇంకా ఉన్నయి. సీజన్ మొదలైతే ఉండవు." కోపంలోనే ఇంకో మాట అనేశాడు. "నా మీదికొస్తున్నవు గాని, దుకాణం సేఠ్ నాకు ముందే చెప్పిండు. ఒక ఇరవై ఫోటోలు తెల్ల గోడ ముంగట తియ్యి, నిలువెత్తు రావాలె, అంచు కనబడాలె అని. ఫంక్షన్‌ల తెల్ల గోడ ఎందుకని నేనెందుకు అడుగుత?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు భోజనాలు వడ్డించి పెట్టాక కూడా పిల్లను హాలు వెనక సున్నం గోడ దగ్గర చాలాసేపు నిలబెట్టారు. ఇటు తిరుగు, అటు తిరుగు, ఓణీ కొంగు చాచు. కాళ్లు నొప్పులంటే నేనే కసిరాను, పెద్దబాపు అంత ఖర్చు పెట్టి తీయిస్తుంటే మొహం మాడ్చుకుంటావేమని. ఒక ఫోటోకు నేనే పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసి తన నడుము నిటారుగా చేశాను. మిగిలిన చెయ్యి అదే.

మెట్లు దిగుతుంటే నాకు ఫోటోగ్రాఫర్ మీద కోపం తగ్గలేదు, మా బావ మీద కోపం దానికి తోడైంది.

నేరుగా మార్కెట్‌కు పోయి దులిపేద్దామనుకున్నాను. కాని బిల్లు మీద పేరు నన్ను ఆపింది. మా ఆయన తిండి ఆ దుకాణంలోది. అందుకే మొదట మా వీధి చివర ఉండే వకీలమ్మ దగ్గరికి వెళ్లాను. గుజరాతీ ఆమె, యాభై దాటిన మనిషి. ఆమె జాకెట్లు నేనే కుట్టేదాన్ని. కోర్టులు అప్పుడు సగం ఫోన్లలోనే నడుస్తుండటంతో ఇంట్లోనే ఉంది. నేను హిందీలో చెప్తుంటే మధ్యలో ఆపకుండా విన్నది.

"ఫోటో తీసినవాడిదే అన్నది తప్పు" అంది. "డబ్బిచ్చి ఎవరైనా ఫోటోలు తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ ఫోటోల కాపీరైటు మొదట తీయించుకున్నవాళ్లదే అవుతుంది. మన చట్టం అలాగే ఉంది. బిల్లు మీద అచ్చేసిన మాట సంగతి, అది ముందు చూపించి సంతకం పెట్టించాడా?"

"బిల్లు పని అయినంక వచ్చింది."

"అయితే దాన్ని ఒప్పందం అనడం కష్టం. ఫోటో కింద తన పేరు అడిగే హక్కు అతనికి ఉంటుంది, వేరెవరూ తామే తీశామని చెప్పుకోకూడదు. అంతవరకే."

నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడామె కళ్లద్దాలు తీసి నా వైపు చూసింది. "సరే, మరి తీయించుకుంది ఎవరు?"

నేను సంచిలోంచి ఆల్బమ్ తీసి ఆమె ముందు పెట్టాను.

"ఆర్డర్ ఇచ్చింది ఆయన, డబ్బిచ్చింది ఆయన, బిల్లు ఆయన దుకాణం పేరున. నువ్వు అది కానుక అంటావు. ఆయన ఆల్బమ్ ఇచ్చాను, హక్కులు ఇవ్వలేదు అంటాడు. ఆ కాగితం చూస్తే కాపీరైటు ఆయనదే."

మా పిల్ల ఫంక్షన్, మా పిల్ల ముఖం, మా సొసైటీ హాలు. ఫోటోలు మాత్రం మా బావవి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కూడా. "గట్లైతే పిల్లను బొమ్మల లెక్క అమ్ముకున్నా ఏమనొద్దా?" అని గట్టిగానే అడిగాను.

ఆమె కోపగించుకోలేదు. "ఫోటో హక్కు వేరు, మనిషి ముఖం వేరు. కాపీరైటు ఉన్నంత మాత్రాన చిన్నపిల్ల ముఖాన్ని తల్లిదండ్రులను అడక్కుండా సరుకు అమ్మడానికి వాడుకోవచ్చని కాదు. దాని మీద నోటీసు ఇవ్వగలను. ఫోటోలు నావి అని ఆయన ఎంత గట్టిగా అంటే, వాడుకుంది నేనే అని అంత ఒప్పుకున్నట్టు. కాని నోటీసుతో కేటలాగు ఆగుతుంది, ఫోటోలు నీ చేతికి రావు. అవి కావాలంటే ఆయనే నీకు రాసివ్వాలి. నోటిమాట చాలదు."

ఆ సాయంత్రం ఆమె ఒక కాగితం టైపు చేసింది. ఫలానా రోజు ఫంక్షన్ ఫోటోలు, వీడియో అన్నింటి హక్కులను ఆయన నా పేరున బదిలీ చేస్తున్నట్టు, ఫోటోగ్రాఫర్ పెద్ద సైజు ఫైళ్లన్నీ నాకు ఇవ్వాలని, ఎవరూ ప్రచారానికి వాడకూడదని. ఎన్నాళ్లకు అన్నచోట "హక్కు ఉన్నంత కాలం" అని, ఎక్కడ అన్నచోట "అన్ని దేశాల్లో" అని నాతో చదివించింది. ఆ మాటలు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లకు, మన దేశం వరకే అనుకుంటుందట. లేచి వస్తుంటే అంది, "ఇవన్నీ కెమెరా బయటికి తీయకముందు అడగాల్సినవి. బిల్లు ఎవరి పేరున, అసలు ఫైళ్లు ఇస్తాడా, ఎన్నాళ్లు దాచుతాడు, తన పేజీలో పెడతాడా, ఇంకెవరికైనా ఇస్తాడా. ఫంక్షన్ అయ్యాక అడిగినా మించిపోలేదు, కాని అప్పుడు అవతలివాడి దయ మీద ఉంటావు."

రాత్రి భోజనాల దగ్గర కాగితం మా ఆయన ముందు పెట్టాను. రేపు దుకాణానికి నేనూ వస్తానని చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ, "అన్న తోటి పెట్టుకుంటే నా పని పోతది" అన్నాడు. పిల్ల తల ఎత్తింది. "నేను గూడ వస్త" అంది.

నేను వద్దనలేదు. ఇప్పుడు ఆలోచిస్తే వద్దనాల్సిందేమో అనిపిస్తుంది.

మార్కెట్లో సగం దుకాణాలు మూసే ఉన్నాయి. మా బావది మూడో అంతస్తు. గల్లా దగ్గర ఆయన, నేల మీద పరిచిన తెల్ల గుడ్డ మీద విప్పిన ఓణీల కుప్ప. మా ఆయన లోపలికి పోయి తన చోట, పార్సిళ్ల పక్కన నిలబడ్డాడు. నేను చెప్పులు విప్పి గుడ్డ అంచున నిలబడ్డాను. పిల్ల నా వెనక.

"బావ, గీ కేటలాగు మీరే పంపిండ్రా?"

దాచలేదు. ఆ విషయంలో ఆయనను మెచ్చుకోవాలి. "నేనే పంపిన. ఏమైంది?"

"ఏమైంది అంటరా? పిల్లను క్లాసుల ఎక్కిరిస్తున్నరు."

"నాలుగు రోజులైతే మర్చిపోతరు. నువ్వు ఆ ఫోటో సూసినవు, నా గోదాం సూసినవా? లగ్గాల సీజన్‌కు తెచ్చిన మాల్ ఏడాది నుంచి పడున్నది. మోడల్‌ను పెట్టి తీద్దామంటే పైసల్లేవు, మోడల్ పిల్లలు ఊర్లకు పోయిండ్రు. ఇంట్ల పిల్ల ఉన్నది, బట్ట మనదే, ఫోటో మనదే. బయటి పిల్లను తెచ్చిన్నా? నా బిడ్డే గదా."

"మీ సొంత బిడ్డ ఫోటో పెట్టిండ్రా మరి?"

ఆయనకు నా పిల్లకంటే రెండేళ్లు పెద్దదైన కూతురు ఉంది. ఆ మాటతో ఆయన మొహం మారింది. నాతో మాట్లాడటం ఆపి మా ఆయన వైపు తిరిగాడు.

"నీ భార్యకు చెప్పు. దుకాణంల నిలబడి నోటికొచ్చింది అంటే ఊకోను. ఫంక్షన్‌కు పైసలు ఎవరు పెట్టిండ్రు? ఫోటోగ్రాఫర్‌కు ఎవరిచ్చిండ్రు? బిల్లు నా పేరు మీద ఉన్నది. ఫోటోలు నావి. నా ఇష్టం."

"మీవే బావ" అన్నాను. "వకీలమ్మ గూడ గదే చెప్పింది. మీరే ఓనర్. గట్లైతే నోటీసుల మీ పేరే రాస్తది. చిన్నపిల్ల ముఖం అడగక వాడుకున్నది ఎవరంటే, ఫోటోలు నావే అన్నాయన అని. మీకు మాల్ ఇచ్చే సేఠ్‌కు గూడ ఒక కాపీ పంపుత."

"వకీలు దగ్గరికి పోయినవా?" ఆయన లేచి నిలబడ్డాడు. "మిమ్మల్ని సూరత్ తెచ్చింది నేను. గదిల పెట్టి అన్నం పెట్టిన. నాకు నోటీసు ఇస్తవా?" తర్వాత తమ్ముణ్ణి చూపిస్తూ నాతో అన్న మాట నేను ఎప్పటికీ మర్చిపోను. "నీ మొగుణ్ణి ఎందుకు అడుగవు మరి? నీకంటె ముందు సూసింది గాయనే. ఒక్కో ప్యాకెట్ల ఫోటో పెట్టి పార్సిల్ కట్టింది ఎవరనుకున్నవు?"

మా ఆయన కళ్లు దించుకున్నాడు. ఆయన వెనక కట్టి ఉంచిన పార్సిళ్లున్నాయి. పైన ఒకటి విప్పి ఉంది. పిల్ల నన్ను దాటి ముందుకు నడిచి అందులోంచి ఒక ప్యాకెట్ తీసింది. పారదర్శకంగా ఉన్న కవరు, లోపల మడిచిన లంగా ఓణీ, దాని మీద అరచేయంత అట్ట. అట్ట మీద తన బొమ్మ. దాన్ని తండ్రి ముందు పట్టుకుంది.

"బాపూ, గివి ఎన్ని కట్టినవు?"

ఆయన పార్సిల్ తాడు సర్దుతూ, "లెక్క పెట్టలే బిడ్డా" అన్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

పిల్ల ఆ ప్యాకెట్‌ను పెద్దబాపు గల్లా మీద పెట్టి, ఏడవకుండానే, మామూలు గొంతుతో, "సంతకం పెట్టుండ్రి పెద్దబాపూ. నాకు ఇంటికి పోవాలె" అంది.

పక్క దుకాణం వాళ్లు తలుపు దగ్గరికి వచ్చి చూస్తున్నారు. ఆయన వాళ్లను చూశాడు, కాగితం చూశాడు. రెండుసార్లు చదివాడు. హక్కు ఉన్నంత కాలం అన్న చోట వేలు పెట్టి, "గిదేంది, జన్మంతా రాయించుకుంటున్నవా?" అన్నాడు. అవునన్నాను. సంతకం పెట్టి కాగితాన్ని నా చేతికివ్వకుండా గుడ్డ మీదికి విసిరాడు. నేను వంగి తీసుకున్నాను. "మీరిద్దరు పోండ్రి, మూడో ఆయన గూడ రేపట్నుంచి రావొద్దు" అన్నాడు.

మా ఆయన అప్పటికప్పుడే చెప్పులు వేసుకున్నాడు. మెట్లు దిగేటప్పుడు మేం ముగ్గురం మూడు మెట్ల దూరంలో నడిచాం.

ఫోటోగ్రాఫర్ ఆ కాగితం చూసి రకరకాలుగా మొహం పెట్టాడు గాని, మాట తప్పలేదు. పాత హార్డ్ డిస్క్ కొని తెమ్మన్నాడు, ఫైళ్లన్నీ ఎక్కించాడు. నా ముందే తన దగ్గరున్నవి తీసేశాడు, పేజీలోంచి కూడా. చివర్లో, "అక్కా, రెండు ఫోటోలు నా పేజీల ఉండనియ్యవా? పని సూపించుకోవాలె గదా" అన్నాడు. మొదటిసారి అతను అడగడం అది. అడిగినందుకే నాకు కొంచెం మనసు మెత్తబడింది. అయినా వద్దన్నాను. "మొదలే అడిగుంటే ఏమైతుండెనో" అన్నాను. ఆయన కూడా చిరాకుగానే, "మొదలు నువ్వు గూడ అడుగలే గదా" అన్నాడు. నేను డిస్క్ సంచిలో వేసుకుని మెట్లు దిగాను.

బావ గ్రూపుల్లోంచి ఆ కేటలాగు తీయించాడు. దుకాణంలో మిగిలిన అట్టలు చింపేశారని విన్నాను. అప్పటికే ఊర్లకు పోయినవి పోయాయి. ఏడాది తర్వాత జగిత్యాల నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసి, "మన పిల్ల బొమ్మ గీడ దుకాణంల పెట్టిండ్రు, హీరోయిన్ అయిందా ఏంది?" అని సంతోషంగా అడిగింది. ఆ దుకాణానికి కాగితం నకలు పంపాను. తీసేశామన్నారు. తీసేశారో లేదో నేను చూడలేదు.

మా ఆయనకు మూడు నెలలు పని దొరకలేదు. తర్వాత ఊరి చివర ఉన్ అనే చోట ఒక మిల్లులో చేరాడు, రెండు బస్సులు మారి వెళ్లాలి. ఆ మూడు నెలలూ మా ఇద్దరి మధ్య అవసరమైన మాటలే నడిచాయి. ఒకసారి అడిగాను, ఎందుకు చెప్పలేదని. "చెప్తే నువ్వు ఇదే చేస్తవని తెలుసు" అన్నాడు. అందులో తప్పు ఒప్పుకోవడం లేదు, అబద్ధమూ లేదు. నేను ఆయనను క్షమించానా అంటే, వంట చేసి పెట్టాను, జ్వరమొస్తే పక్కన కూచున్నాను. దానిని ఏమనాలో తెలియదు. బావ ఇంటికి మాత్రం నేను మళ్లీ వెళ్లలేదు. నాలుగేళ్ల తర్వాత ఆయన కూతురి పెళ్లికి పత్రిక మా ఆయన పేరున వచ్చింది. ఆయన ఒక్కడే వెళ్లొచ్చాడు.

డిస్క్‌లోని ఫోటోలు నేను ఒకసారి అన్నీ చూశాను. ఆల్బమ్‌లోకి రానివి ఎన్నో ఉన్నాయి. అన్నం మెతుకు అంటుకున్న మూతి, జడ బరువుకు వెనక్కి వాలిన తల, తెల్ల గోడ ముందు విసుగ్గా కెమెరా కేసి చూస్తున్న చూపు. నాకు అవే నచ్చాయి. పిల్లకు చూపించి, ఏవి ఉంచుదాం, ఏవి తీసేద్దామని అడిగాను. అప్పటికి పదో తరగతికి వచ్చింది.

"నీ పేరు మీద ఉన్నయి గదమ్మా" అంది, తల ఎత్తకుండానే. "పద్దెనిమిది నిండినంక నా పేరు మీద రాసియ్యి. గప్పుడు సూస్త."

నేను వకీలమ్మ దగ్గరికి వెళ్లి అది ఎట్లా రాయాలో అడిగి వచ్చాను.